సార్‌ని రెకమెండేషన్ అడిగే ఉత్తరం: మెటీరియల్స్ మాస్టర్స్‌కి విదేశాలకు వెళ్ళాలనుకునే ఫైనల్ ఇయర్ వాళ్ళకు

అనంతపురంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను మెటీరియల్ సైన్స్, క్యాస్టింగ్ పాఠాలు చెబుతాను. దసరా సెలవులు అయిపోగానే నా ఇన్‌బాక్స్‌లో ఒకే రకం మెయిళ్ళు మొదలవుతాయి. "గౌరవనీయులైన సార్, నేను పై చదువులకు విదేశాలకు వెళ్తున్నాను, నాకు ఎల్‌ఓఆర్ కావాలి, దయచేసి ఇవ్వగలరు." కింద రెజ్యూమె, మార్కుల జాబితా. అంతే.

ఆ రెండు కాగితాలతో నేను రాయగలిగింది ఏముంటుంది? "క్రమశిక్షణ గల విద్యార్థి, కష్టపడే స్వభావం, భవిష్యత్తులో రాణిస్తాడు." ఈ మూడు మాటలూ అరవైమంది క్లాసులో ఎవరికైనా అతుకుతాయి. మార్కులు ఎలాగూ అప్లికేషన్‌లోనే ఉంటాయి, వాటిని నేను మళ్ళీ చెప్పి ప్రయోజనం లేదు. మెటీరియల్స్ కోర్సుకు ఎంపిక చేసేవాళ్ళు నా దగ్గర వెతికేది మార్కుల్లో కనిపించని సంగతి. ఈ పిల్ల ల్యాబ్‌లో చేతులు పెట్టి పని చేసిందా, రీడింగ్ అనుకున్నట్టు రాకపోతే ఏం చేసింది, కారణం తనే వెతికిందా లేక ఎవరో చెబితే రాసుకుందా?

అది నేను చూసే ఉంటాను. కానీ ఏడాదికి నా చేతుల మీదుగా ఎన్నో బ్యాచ్‌లు పోతాయి, ఎవరేం చేశారో నాకు గుర్తుండదు. మీరు రాసే ఉత్తరం చేయాల్సిన పని ఆ జ్ఞాపకాన్ని నాకు తిరిగి తెచ్చివ్వడమే.

1. ఎవరిని అడగాలి

హెచ్‌ఓడీ గారి సంతకం ఉంటే బరువు ఎక్కువని మనవాళ్ళకు ఒక నమ్మకం. మీ ముఖం గుర్తులేని హెచ్‌ఓడీ కన్నా, మీ శాంపిల్‌ని మీతోపాటు పాలిష్ చేయించిన అసిస్టెంట్ ప్రొఫెసర్ మేలు. చాలా కోర్సులు రెండు ఉత్తరాలు అడుగుతాయి, కొన్ని మూడు. ఒకటి ప్రాజెక్టు గైడ్ నుంచి, ఇంకొకటి మీకు పాఠం చెప్పి, క్లాసులో మీరు అడిగిన ప్రశ్నలు గుర్తున్నవారి నుంచి తీసుకోండి. ఇంటర్న్‌షిప్‌లో నిజంగా పని చేసి ఉంటే అక్కడి ఇంజనీర్‌ని మూడో మనిషిగా అడగొచ్చు.

2. ఎప్పుడు అడగాలి

గడువుకు ఆరు వారాల ముందు. అమెరికా వర్సిటీల్లో చాలావాటికి గడువు డిసెంబరు, జనవరి నెలల్లో పడుతుంది. సరిగ్గా అప్పుడే మాకు సెమిస్టర్ పరీక్షలు, వాల్యుయేషన్ డ్యూటీలు, ఆపైన సంక్రాంతి సెలవులు. జర్మనీలో చలికాలం సెమిస్టర్‌కి గడువులు ఎక్కువగా వసంతంలోనో వేసవిలోనో వస్తాయి కాబట్టి అక్కడికి వెళ్ళేవాళ్ళకు ఊపిరి తీసుకునే సమయం ఉంటుంది. ఎనిమిదో సెమిస్టర్ ప్రాజెక్టు గురించి కూడా ఉత్తరంలో రాయించుకోవచ్చు. డిసెంబరు గడువు వాళ్ళకు ఆ వీలు లేదు. మూడో ఏడాదిలో చేసిన మినీ ప్రాజెక్టో, వేసవి పనో చూపించాలి.

మెయిల్ కన్నా ముందు ఒకసారి మనిషిగా వచ్చి అడగండి. "సార్, నాకు రెకమెండేషన్ ఇస్తారా" అని కాదు. "సార్, నా గురించి గట్టిగా రాయగలిగేంత నా పని మీకు తెలుసా" అని అడగండి. నేను కొంచెం నసిగితే, "చూద్దాంలే అమ్మా" అంటే, ఆ ఉత్తరం చప్పగా ఉంటుందని అర్థం. మొహమాటపడకుండా వేరే వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. నేనేమీ అనుకోను, నిజానికి హాయిగా ఉంటుంది.

3. ఉత్తరం రాయకముందు: ఒక్క సంఘటన వెతకండి

అసలు పని ఇక్కడే ఉంది. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. ఇప్పుడు విదేశంలో మెటీరియల్స్ చదువుతోంది.

నలుగురు కలిసి మూడో ఏడాది వేసవిలో చేసిన ప్రాజెక్టు అది. ముద్దనూరు దగ్గర ఆర్టీపీపీలో బొగ్గు కాల్చగా వచ్చే బూడిద, అంటే ఫ్లై యాష్, తెచ్చి కరిగించిన ఎల్‌ఎం6 అల్యూమినియంలో కలిపి స్టిర్ క్యాస్టింగ్ చేశారు. బూడిద బరువు తక్కువ, అందులో ఎక్కువ భాగం సిలికా, అల్యూమినా. కాబట్టి అది కలిపేకొద్దీ లోహం తేలికై, గట్టిపడాలని అంచనా. బూడిద 5 శాతం కలిపినప్పుడు బ్రినెల్ హార్డ్‌నెస్ అనుకున్నట్టే పెరిగింది. 10 శాతానికి పెంచితే పెరగాల్సింది పోయి తగ్గింది.

ఇలాంటప్పుడు మన పిల్లలు సాధారణంగా చేసేది నాకు తెలుసు. ఆ శాంపిల్ చెడిపోయిందని పక్కన పడేసి, గ్రాఫ్ పైకి పోయేలా మిగతా పాయింట్లు పెట్టేస్తారు. వైవాలో ఎవరూ అడగరు. బ్యాచ్‌లో ఒకరు ఆ మాట అన్నారు కూడా. ఈ అమ్మాయి ఒప్పుకోలేదు. శాంపిల్‌ని గాలిలో తూచి, నీళ్ళలో ముంచి తూచి, సాంద్రత లెక్కగట్టింది. 2.37 వచ్చింది. ఎల్‌ఎం6 సాంద్రత 2.65, తన బూడిదకు కొలిచిన సాంద్రత 2.1. ఈ రెండింటితో 10 శాతం మిశ్రమానికి లెక్క వేస్తే 2.58 రావాలి. తేడా 8 శాతానికి పైమాటే. అంటే లోహంలో అంతమేర ఖాళీలు ఉన్నట్టు.

నేను అప్పుడు ఒక ప్రశ్న వేశాను. "అవి ఖాళీలేనని ఎలా అనుకుంటావు? బూడిదలో లోపల బోలుగా ఉండే రేణువులు ఉంటాయి కదా, సాంద్రత వాటివల్ల తగ్గిందేమో." మర్నాడు గాజు బీకరులో నీళ్ళు పోసి అందులో బూడిద వేసి తెచ్చి చూపించింది. బోలు రేణువులు నీళ్ళ మీద తేలతాయి. తేలింది కొద్దిగానే, మిగతాదంతా మునిగింది. అంత తేడా దానివల్ల రాదు. తర్వాత గుర్తొచ్చింది, బూడిదని గోనెసంచిలో తెచ్చి షెడ్డులో పెట్టారు, 10 శాతం పోత పోసిన వారం వాన పడింది. బూడిద తేమ పీల్చింది. తేమ కరిగిన అల్యూమినియంతో తగిలితే హైడ్రోజన్ పుడుతుంది, అది లోహంలో కరుగుతుంది, గట్టిపడేటప్పుడు బయటికి రాలేక బుడగలుగా మిగిలిపోతుంది. బూడిదని 300 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేసి మళ్ళీ పోత పోశారు. సాంద్రత 2.49కి పెరిగింది, ఖాళీలు మూడున్నర శాతానికి దిగాయి. హార్డ్‌నెస్ 5 శాతం శాంపిల్‌ని దాటింది.

ప్రపంచానికి ఇది కొత్త కాదు. బూడిదని ముందుగా వేడిచేయాలని ఈ పని చేసేవాళ్ళందరికీ తెలుసు. కానీ ఒక బి.టెక్ అమ్మాయి చెడ్డ రీడింగుని దాచకుండా, కొలిచి, నేను వేసిన ప్రశ్నకు బీకరుతో జవాబు చెప్పి, కారణం పట్టుకుందంటే ఉత్తరంలో రాయడానికి అంతకన్నా ఏం కావాలి! ఆ సంఘటన నా కళ్ళెదుట జరిగింది. అయినా ఆరు నెలల తర్వాత ఆ అమ్మాయి మెయిల్ చదివేదాకా నాకు బీకరు గుర్తు లేదు.

మీ సంఘటన ఇంత నీటుగా ఉండనక్కర్లేదు. కానీ మూడు లక్షణాలు ఉండాలి. ఏదో అనుకున్నట్టు జరగలేదు, మీరు దానికి ఏదో చేశారు, ఆ సార్ దాన్ని చూశారు. మూడోది లేకపోతే ఆయన రాయలేరు. చూడనిది రాయమంటే ఎవరైనా ఇబ్బంది పడతారు.

4. ఉత్తరం

ఆ అమ్మాయి మెయిల్‌ని కొంచెం మార్చి ఇస్తున్నాను. మీరు ఇంగ్లీషులో పంపితే పంపండి, సరుకు ఇదే ఉండాలి.

> విషయం: రెకమెండేషన్ విన్నపం – మెటీరియల్స్ ఎం.ఎస్., మొదటి గడువు డిసెంబరు 15
>
> నమస్తే సార్,
>
> నేను ఫైనల్ ఇయర్ మెకానికల్ విద్యార్థినిని. వేసవిలో మీ దగ్గర ఫ్లై యాష్ కాంపొజిట్ ప్రాజెక్టు చేసిన బ్యాచ్‌లో ఉన్నాను. మంగళవారం మిమ్మల్ని కలిసినప్పుడు చెప్పినట్టు, మెటీరియల్స్ ఇంజనీరింగ్‌లో మాస్టర్స్‌కి నాలుగు వర్సిటీలకు అప్లై చేస్తున్నాను. నా ల్యాబ్ పని గురించి మీరు రెకమెండేషన్ రాయగలరా అని అడుగుతున్నాను.
>
> మిమ్మల్నే అడగడానికి కారణం 10 శాతం శాంపిల్ సంగతి. హార్డ్‌నెస్ తగ్గినప్పుడు సాంద్రత కొలిచి మీకు చూపించాను. తగ్గుదల బోలు రేణువుల వల్ల కావచ్చు కదా అని మీరు అడిగారు. మర్నాడు బీకరు నీళ్ళలో బూడిద వేసి తెచ్చాను. ఆ తర్వాతే తేమ అని తేలింది. మెటీరియల్స్ చదవాలని నాకు గట్టిగా అనిపించింది ఆ వారమే.
>
> బ్యాచ్‌లో నా వంతు పని: సాంద్రత కొలతలు, ఖాళీల లెక్క, బూడిద వేడిచేసే పద్ధతి. పోత పోసింది, మైక్రోస్కోప్ ఫొటోలు తీసింది మిగతా ముగ్గురు. హార్డ్‌నెస్ రీడింగులు అందరం కలిసి తీశాం.
>
> ఒక విషయం నేనే చెప్పాలి. నాకు రెండో ఏడాదిలో థర్మోడైనమిక్స్ ఒకసారి తప్పింది, తర్వాతి సెమిస్టర్‌లో పాసయ్యాను. మార్కుల జాబితాలో కనిపిస్తుంది.
>
> వర్సిటీల పేర్లు, గడువులు, ఒక పేజీ వివరాలు జత చేశాను. మీకు వీలుకాకపోతే మొహమాటం లేకుండా చెప్పండి సార్. ఈ నెల 30 లోపు తెలిస్తే వేరే ఏర్పాటు చేసుకుంటాను. మీరు సరే అన్న తర్వాతే పోర్టల్‌లో మీ మెయిల్ ఐడీ ఇస్తాను.
>
> ఇట్లు,
> మీ విద్యార్థిని
> (పాస్‌పోర్టులో ఉన్నట్టు పూర్తి పేరు, రోల్ నంబరు, ఫోన్)

ఇందులో నాకు బాగా నచ్చింది బ్యాచ్‌లో తన వంతు పని చెప్పిన మూడో పేరా. మన దగ్గర ప్రాజెక్టులన్నీ నలుగురైదుగురి బ్యాచ్‌లు. నలుగురూ వచ్చి "సార్, ప్రాజెక్టు నేనే చేశా" అంటే ఒకే పనిని నాలుగు ఉత్తరాల్లో నలుగురికీ రాయాలి. ఇద్దరు ఒకే వర్సిటీకి అప్లై చేస్తే ఆ ఉత్తరాలు ఒకే టేబుల్ మీదికి చేరతాయి. మిగతావాళ్ళు చేసింది కూడా చెప్పిన అమ్మాయి మాటల్ని నేను ధైర్యంగా వాడుకున్నాను.

బ్యాక్‌లాగ్ గురించి దాచొద్దు. నాకు ముందే తెలిస్తే "ఆ సబ్జెక్టు తప్పింది, కానీ ఖాళీల లెక్కలో చూపిన పట్టు చూడండి" అని సర్ది చెప్పగలను. తెలియకపోతే నా పొగడ్త ఒకవైపు, మార్కులు ఒకవైపు లాగుతాయి.

5. జత చేసే ఒక పేజీ

ఒక్క పేజీ చాలు. పైభాగంలో వర్సిటీలు, గడువు, ఉత్తరం ఎలా పంపాలి: లింకులోనా, లెటర్‌హెడ్ మీద సంతకం చేసిన పీడీఎఫ్‌గానా. గడువుని మన టైములో కూడా రాయండి. అమెరికా తూర్పు తీరంలో డిసెంబరు 15 రాత్రి 11:59 అంటే మనకు 16వ తేదీ ఉదయం 10:29. జర్మనీలో చలికాలపు అర్ధరాత్రి మనకు తెల్లవారుజామున నాలుగున్నర. ఏ వర్సిటీకి ముందు రాయాలో ఇది చూసి నేను తేల్చుకుంటాను.

కింద సంఘటన, అంకెలతో సహా. సాంద్రత ఎంత రావాలి, ఎంత వచ్చింది, మళ్ళీ చేస్తే ఎంత. నా దగ్గర మీ రికార్డు ఉండదు, అంకె తప్పు రాస్తే పరువు ఇద్దరిదీ పోతుంది.

ఇంకొక వరుస కూడా పెట్టండి: నేను మీకు ఏ సబ్జెక్టు ఎప్పుడు చెప్పాను, క్లాసులో ఎంతమంది, మీ స్థానం ఎక్కడ. ఎందుకంటే చాలా పోర్టల్స్‌లో ఉత్తరంతోపాటు ఒక ఫారం ఉంటుంది. ఎన్నాళ్ళుగా తెలుసు, ఏ హోదాలో తెలుసు, మీరు చూసిన విద్యార్థుల్లో ఇతను పై 5 శాతంలోనా, 10 శాతంలోనా, 25 శాతంలోనా అని గళ్ళు ఉంటాయి. తెలివి, శ్రద్ధ, రాత, కలిసి పనిచేయడం ఇలా ఒక్కోదానికి ఒక్కో గడి. అరవైమందిలో మీరు నాలుగో ర్యాంకని నాకు తెలిస్తే ఆ గడిలో టిక్కు పెట్టడానికి నా చెయ్యి ఆగదు.

6. "నువ్వే రాసుకురా, సంతకం పెడతా" అంటే

అంటారు. నేనూ కొత్తలో అన్నాను, సిగ్గుపడుతున్నాను. ఇందులో రెండు ప్రమాదాలు ఉన్నాయి. ఉత్తరం నేనే రాశానని చాలా ఫారాల్లో నాతో ఒప్పుకోలు తీసుకుంటారు, మీరు రాసింది పెడితే అది అబద్ధమవుతుంది. రెండోది, మీ మూడు ఉత్తరాలూ మీరే రాస్తే ఒకే వాక్యాల పొందిక, ఒకే విశేషణాలు వస్తాయి. వందల ఉత్తరాలు చదివే మనిషి ఇట్టే పసిగడతాడు. పైగా ఇరవై ఏళ్ళ పిల్లవాడు తనని తాను పొగుడుకుంటే "అసాధారణ ప్రతిభ" లాంటి మాటలు తప్ప "బీకరు తెచ్చి చూపించింది" లాంటి మాట రాదు.

అలా అన్నప్పుడు వాదన పెట్టుకోకండి. ఆ ఒక పేజీ చేతిలో పెట్టి, "సార్, విషయాలన్నీ ఇందులో ఉన్నాయి. మీకు టైము లేకపోతే సాయంత్రం పది నిమిషాలు కూర్చుంటాను, మీరు చెబుతూ ఉంటే టైప్ చేస్తాను, తర్వాత మీరు దిద్దండి" అనండి. మాటలు ఆయనవి, వేళ్ళు మాత్రమే మీవి. నా అనుభవంలో ఇలా అడిగినవాళ్ళని ఎవరూ కాదనలేదు.

7. పోర్టల్

సార్ మెయిల్ ఐడీ కాలేజీ డొమైన్‌దే ఇవ్వండి. చాలా వర్సిటీలు జీమెయిల్ ఐడీలను అనుమానంగా చూస్తాయి, కొన్ని తీసుకోవు. మన అఫిలియేటెడ్ కాలేజీల్లో చాలామంది లెక్చరర్లకు కాలేజీ ఐడీ ఉండదు, ఉన్నా పాస్‌వర్డ్ ఎప్పుడో మరిచిపోయి ఉంటారు. అది ముందే కనుక్కుని, లేకపోతే సిస్టమ్ అడ్మిన్‌తో చేయించండి. ఈ ఒక్క పనికే వారం పట్టొచ్చు, ఆరు వారాలు అన్నది ఊరికే కాదు.

ఐడీ ఇవ్వగానే కొన్ని పోర్టల్స్ లింకు పంపేస్తాయి, కొన్ని మీరు అప్లికేషన్ సబ్మిట్ చేశాకే పంపుతాయి. రెండో రకం అయితే చివరి రోజు సబ్మిట్ చేసి నన్ను ఇరికించొద్దు. లింకు వచ్చే రోజు నాకు ఒక మెసేజ్ పెట్టి స్పామ్ చూడమని చెప్పండి. నాకు వచ్చిన లింకుల్లో సగం అక్కడే దొరికాయి.

అమెరికా పోర్టల్‌లో ఇంకో ప్రశ్న వస్తుంది: తర్వాత ఈ ఉత్తరాన్ని చూసే హక్కు వదులుకుంటారా అని. వదులుకోండి. విద్యార్థి చూడడని తెలిసిన ఉత్తరాన్నే వాళ్ళు ఎక్కువ నమ్ముతారు.

8. గుర్తుచేయడం

గడువుకు రెండు వారాల ముందు ఒకసారి, నాలుగు రోజుల ముందు ఒకసారి. కొత్త మెయిల్ కాకుండా పాత మెయిల్ కిందే జవాబుగా పెట్టండి, జత చేసిన పేజీ మళ్ళీ వెతుక్కునే పని నాకు ఉండదు. రెండు వరుసలు చాలు: "సార్, మొదటి వర్సిటీ గడువు వచ్చే సోమవారం, మన టైము ఉదయం 10:29. మీ లింకు ఇంకా పెండింగ్ అని పోర్టల్‌లో చూపిస్తోంది."

నాలుగు రోజుల ముందు పెట్టిన దానికీ జవాబు లేకపోతే ఫోన్ చేయకుండా స్టాఫ్ రూముకి రండి. వాల్యుయేషన్ డ్యూటీలో ఉంటే అక్కడికే రండి. అప్పటికీ కుదరకపోతే, పోర్టల్‌లో రికమెండర్‌ని మార్చుకునే వీలుంటుందేమో చూసి రెండో మనిషి పేరు పెట్టండి. అందుకే ఆ ఒక పేజీని ముందే ఇంకొక సార్ కోసం కూడా తయారుచేసి పెట్టుకోవాలి, అందులో సంఘటన మాత్రం ఆయన చూసినది ఉండాలి.

ఉత్తరాలు వెళ్ళిపోయాక, సీటు వచ్చినా రాకపోయినా నాకు ఒక మాట చెప్పండి. స్కాలర్‌షిప్ ఫారంకి మళ్ళీ నా దగ్గరికే వస్తారు, అప్పుడు నాకు బీకరు గుర్తుండాలి.